పిలిచిన సంస్థ నుంచి ప్రయాణ ఖర్చులు రాబట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శిక్షణ తరగతులకు, వైవా పరీక్షలకు, ఉపన్యాసాలకు బయటి ఊళ్ల నుంచి మా కళాశాలకు వచ్చేవారి ప్రయాణ బిల్లులు పదకొండేళ్లుగా నా బల్ల మీదుగానే వెళుతున్నాయి. బిల్లు ఆగిందని ఫోన్ చేసేవారు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు అవే కనుక వాటిని ఒకచోట చేర్చాను. సొంత ఉద్యోగ సంస్థలో పెట్టుకునే టీఏ బిల్లుల గురించి కాక, మరో సంస్థ పిలుపు మీద వెళ్లి ఖర్చు తిరిగి కోరే సందర్భం గురించే ఇక్కడ రాశాను. ఏ ప్రశ్నకు సమాధానం ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది.

## ప్రయాణానికి ముందు

ఆహ్వాన లేఖలో ‘ప్రయాణ ఖర్చులు చెల్లిస్తాము’ అని ఉంది. అది చాలదా?

చాలదు. ఆ వాక్యం రాసేది సాధారణంగా కార్యక్రమం నడిపే అధ్యాపకుడు. బిల్లు చూసేది ఆయన కాదు, లెక్కల విభాగం. రైల్లో ఏ తరగతి వరకు ఇస్తారు, స్టేషన్ నుంచి వచ్చిపోయే క్యాబు ఖర్చు ఇస్తారా, భోజనం, బస వాళ్లే చూస్తారా లేక మీరు ఖర్చు పెట్టుకుంటే ఇస్తారా అన్న మూడు సంగతులను బయల్దేరక ముందే మెయిల్‌లో అడగాలి. ‘థర్డ్ ఏసీ ఛార్జీ, స్థానిక రవాణా, బయట తిన్న భోజనం అసలు ఖర్చు మేరకు ఇస్తాము’ అని వచ్చే ఒక్క వాక్యపు జవాబును అచ్చు తీసి బిల్లుకు జత చేస్తే, తర్వాత రాగల అభ్యంతరాల్లో చాలా వరకు ముందే తీరిపోతాయి. ఫోన్‌లో ఇచ్చిన మాట ఎంత మంచివారు ఇచ్చినదైనా దాన్ని బిల్లుకు జతచేయడం కుదరదు.

విమానంలో వెళితే డబ్బు ఇస్తారా?

ముందుగా రాతపూర్వక అనుమతి ఉంటేనే ఇస్తారు. అనుమతి లేకుండా వెళ్లినవారికి చాలా సంస్థలు అర్హత ఉన్న రైలు తరగతి ఛార్జీ వరకే ఇచ్చి మిగతాది కోసేస్తాయి. పిలిచింది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయితే ఇంకో చిక్కు ఉంది. ప్రభుత్వ ఖర్చుతో కొనే విమాన టికెట్లను బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు ఏజెన్సీల ద్వారానే కొనాలన్న నియమం అక్కడ ఉంది, దాన్ని అతిథులకూ వర్తింపజేసే కార్యాలయాలు ఉన్నాయి. కాబట్టి అనుమతితో పాటు టికెట్టు ఎక్కడ కొనాలో కూడా అడగండి. బోర్డింగ్ పాసు మాత్రం ప్రయాణం అయ్యాక కూడా పారేయకండి, ఫోన్‌లో ఉన్నదైతే అచ్చు తీయండి. టికెట్టు కొన్నారనడానికే ఆధారం, ఎక్కారనడానికి ఆధారం బోర్డింగ్ పాసు.

సొంత కారులో వెళితే పెట్రోలు బిల్లు పెట్టాలా?

చాలా చోట్ల పెట్రోలు బిల్లు లెక్కలోకే రాదు, ఎందుకంటే ట్యాంకు నింపించిన బిల్లు ఆ ఒక్క ప్రయాణానికి సంబంధించినదని ఎవరూ చెప్పలేరు. సంస్థ కిలోమీటరుకు ఒక రేటు పెట్టుకుని, ఊరికీ ఊరికీ మధ్య దూరాన్ని బట్టి లెక్కగడుతుంది. ఆ రేటు ఎంతో, ఛార్జీ మొత్తం రైలు ఛార్జీని దాటకూడదన్న పరిమితి ఏమైనా ఉందో ముందే కనుక్కోండి. టోల్‌కు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో ఆ రెండు రోజుల వరుసలు చాలు. మిగతా నెలంతా మీరు ఎక్కడెక్కడ తిరిగారో మాకు అక్కర్లేదు.

## ప్రయాణంలో

ఆటోకు బిల్లు ఇవ్వరు కదా, మరి ఆ డబ్బు వదులుకోవాల్సిందేనా?

వదులుకోనక్కర్లేదు. బిల్లు దొరకని చిన్న ఖర్చులకు స్వీయ ధ్రువీకరణ ఇవ్వవచ్చు, దాన్ని దాదాపు అన్ని కార్యాలయాలూ ఒక పరిమితి వరకు ఒప్పుకుంటాయి. అయితే ‘ఆటో ఖర్చులు 250’ అని రాసిన కాగితాన్ని ధ్రువీకరణగా తీసుకోవడం కష్టం. ఏ తేదీన, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత ఇచ్చారో ఒక్కో ప్రయాణానికి ఒక్కో వరుసగా రాసి, కింద ‘ఈ ఖర్చులు నేను స్వయంగా పెట్టినవని, వీటికి బిల్లులు లభించలేదని ధ్రువీకరిస్తున్నాను’ అని రాసి, సంతకం, తేదీ వేయాలి. దిగిన వెంటనే ఫోన్‌లో ఒక వాక్యం రాసుకుంటే వారం తర్వాత జ్ఞాపకం మీద అంకెలు వేయాల్సిన అవసరం రాదు. ఇంటి నుంచి స్టేషన్‌కు వెళ్లడానికి 120, వచ్చేటప్పుడు 130 అయితే అలాగే రాయండి. రెండు వైపులా 150, 150 అని గుండ్రంగా వేసినవారి కాగితం మీదే మాకు అనుమానం వస్తుంది.

యూపీఐలో కట్టిన స్క్రీన్‌షాట్ ఉంది. అది బిల్లుగా చెల్లుతుందా?

బిల్లుగా చెల్లదు, బిల్లుకు తోడుగా పనికొస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ ఎవరికి ఎంత పంపారో చెబుతుంది కానీ ఎందుకు పంపారో చెప్పదు. ఆటో డ్రైవరు ఖాతా ఆయన సొంత పేరు మీద ఉంటుంది కనుక, ఆ 120 రూపాయలు ఆటోకు ఇచ్చారో, అప్పు తీర్చారో కాగితం చూస్తే తెలియదు. స్వీయ ధ్రువీకరణలో ప్రయాణ వివరం రాసి, దాని వెనుక స్క్రీన్‌షాట్ పెడితే రెండూ కలిసి బలమైన ఆధారం అవుతాయి. యాప్‌లో బుక్ చేసిన క్యాబుకు మాత్రం స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా, ఎక్కిన చోటు, దిగిన చోటు, సమయం ఉన్న రసీదును యాప్ నుంచి గానీ మెయిల్ నుంచి గానీ దించుకోండి.

బస్సు టికెట్టు మీద అక్షరాలు మాసిపోయాయి. ఏం చేయాలి?

కండక్టరు చేతి మిషన్ నుంచి వచ్చే టికెట్టు, హోటలు కౌంటరు బిల్లు, టోల్ గేటు రసీదు ఇవన్నీ వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి. వాటి మీద సిరా ఉండదు. జేబులో చెమటకు, కారు డాష్‌బోర్డు మీద ఎండకు నాలుగైదు రోజుల్లోనే అక్షరాలు పలచబడతాయి. ఆ రోజు రాత్రే ఫోటో తీసుకుని, ఇంటికి రాగానే జిరాక్స్ తీయించి, అసలును ఆ జిరాక్స్ కాగితానికే ఒక మూల పిన్ను కొట్టి పంపండి. అక్షరాల మీద సెల్లోటేపు వేయకండి, జిగురు తగిలిన చోట అచ్చు చెరిగిపోతుంది. ఒక పెద్దమనిషి భద్రంగా ఉండాలని బిల్లులన్నీ లామినేషన్ చేయించారు. ఆ వేడికి అవి నిలువునా నల్లబడి, మా దగ్గరకు నాలుగు నల్లటి ప్లాస్టిక్ ముక్కలు వచ్చాయి.

ఇప్పటికే మాసిపోయి ఉంటే, ఫోటో ఉంటే దాని అచ్చును, లేకపోతే స్వీయ ధ్రువీకరణను మాసిన అసలుతో కలిపి పెట్టండి. మాసిన అంకెల మీద పెన్నుతో దిద్దితే అది దిద్దుబాటు బిల్లు అవుతుంది, దాన్ని ఎవరూ ఒప్పుకోరు.

మా ఆవిడ కూడా అదే టికెట్టు మీద వచ్చింది. నా వంతు ఎలా తీయాలి?

టికెట్టు మీద ఉన్న మొత్తాన్ని రెండుతో భాగిస్తే ఒక్కోసారి తప్పవుతుంది, ముఖ్యంగా ఒకరికి రాయితీ ఉన్నా, పిల్లలకు వేరే ఛార్జీ పడినా. ప్రయాణికుల ఛార్జీలో మీ వంతు విడిగా తీయండి. ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు టికెట్టుకు ఒకటే కానీ మనిషికొకటి కాదు; ఒక్కరే వచ్చినా అంతే పడేది కాబట్టి దాన్ని పూర్తిగా మీ ఖాతాలో వేసుకోవడం న్యాయమే, అయినా కొన్ని కార్యాలయాలు సగమే ఇస్తాయి. టికెట్టు అచ్చు మీద మీ పేరు పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టి, పట్టికలో ‘ఇద్దరు ప్రయాణికుల టికెట్టులో ఒకరి ఛార్జీ మాత్రమే’ అని రాస్తే ఎవరూ మళ్లీ అడగరు.

## వివరాల పట్టిక

ఖర్చుల పట్టికలో ఏమేం ఉండాలి? ఒక నమూనా చూపగలరా?

బిల్లు చూసే గుమాస్తా పట్టికలోని ఒక అంకె మీద వేలు పెట్టి, రెండో చేత్తో దానికి ఆధారమైన కాగితాన్ని తీయగలగాలి. మధ్యలో మీకు ఫోన్ చేయాల్సి వస్తే పట్టికలో ఏదో లోపించిందన్నమాట. అందుకు తేదీ, వివరం, మొత్తం, ఆధారం అన్న నాలుగు నిలువు వరుసలు, ముందు వరుస సంఖ్య చాలు. ఖర్చులను రకం వారీగా కాకుండా, జరిగిన వరుసలో రాయండి. అప్పుడు ప్రయాణం మొదలు నుంచి చివర వరకు కథలా కనబడుతుంది, మధ్యలో దూకిన మెట్టు ఏదైనా ఉంటే వెంటనే తెలుస్తుంది.

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌లోని ఒక కళాశాలకు రెండు రోజుల శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒక అధ్యాపకురాలి పట్టిక ఇలా ఉంటుందనుకుందాం. బస, మధ్యాహ్న భోజనాలు కళాశాలవే. అంకెలు లెక్క చూపడానికి వేసినవి.

| సంఖ్య | తేదీ | వివరం | రూ. | ఆధారం |
|---|---|---|---|---|
| 1 | 11 | ఇల్లు – రాజమండ్రి స్టేషన్, ఆటో | 120 | స్వీయ ధ్రువీకరణ |
| 2 | 11 | రాజమండ్రి – సికింద్రాబాద్, రైలు, థర్డ్ ఏసీ | 820 | బిల్లు 1 |
| 3 | 12 | సికింద్రాబాద్ స్టేషన్ – అతిథి గృహం, క్యాబు | 312 | బిల్లు 2 |
| 4 | 12 | రాత్రి భోజనం | 180 | బిల్లు 3 |
| 5 | 13 | కళాశాల – సికింద్రాబాద్ స్టేషన్, క్యాబు | 286 | బిల్లు 4 |
| 6 | 13 | సికింద్రాబాద్ – రాజమండ్రి, రైలు, థర్డ్ ఏసీ | 820 | బిల్లు 5 |
| 7 | 14 | రాజమండ్రి స్టేషన్ – ఇల్లు, ఆటో | 130 | స్వీయ ధ్రువీకరణ |
| | | మొత్తం | 2,668 | |

కింద ‘అక్షరాలా రెండు వేల ఆరు వందల అరవై ఎనిమిది రూపాయలు మాత్రమే’ అని రాసి సంతకం చేయాలి. ప్రతి బిల్లు పై మూలన ఎర్ర పెన్నుతో 1, 2, 3 అని సంఖ్య వేసి చుట్టూ గీత గీయండి, ఆ సంఖ్యే పట్టికలో ఉండాలి. శిక్షణ 12, 13 తేదీలైనా పట్టిక 11న మొదలై 14న ముగుస్తుందన్నది గమనించండి. రాత్రి రైళ్ల వల్ల వచ్చే ఈ తేడాను చూసి ‘కార్యక్రమం లేని రోజు ఖర్చు’ అని అభ్యంతరం రాసేవారు ఉంటారు కాబట్టి, రైలు బయల్దేరిన తేదీనే వేయడం మంచిది. అర్ధరాత్రి దాటాక ఎక్కే రైలైతే టికెట్టు మీద ఉన్న తేదీనే రాయండి.

పైసలను, చిల్లరను గుండ్రం చేయవచ్చా?

ఒక్కో వరుసలో చేయకండి. బిల్లులో పైసలు ఉంటే అలాగే రాసి, చివరి మొత్తాన్ని మాత్రం దగ్గరి రూపాయికి సరిచేయండి.

రైలు ఆలస్యమైందని ఒక టికెట్టు రద్దు చేసి వేరేది కొన్నాను. రెండూ అడగవచ్చా?

కొత్త టికెట్టు ఛార్జీని, రద్దు చేసిన టికెట్టులో మీకు తిరిగి రాని భాగాన్ని మాత్రమే అడగాలి. రద్దు చేశాక ఎంత తిరిగి వచ్చిందో చూపే కాగితాన్ని కూడా జత చేయాలి. పాత టికెట్టు అచ్చును మాత్రమే పెడితే, దాని డబ్బు మీకు ఎప్పుడో తిరిగి వచ్చి ఉంటుందని ఎవరికైనా తెలుసు. మార్పు నిర్వాహకుల వల్ల జరిగిందా, మీ వల్ల జరిగిందా అన్నది ఒక వాక్యంలో రాయండి. కార్యక్రమం తేదీ వాళ్లే మార్చి ఉంటే ఆ మెయిల్ పెట్టండి. మీ సొంత పని వల్ల మారితే ఆ నష్టం అడగకపోవడమే మర్యాద.

## కవరింగ్ లెటర్

లేఖ ఎంత పొడవు ఉండాలి? ప్రయాణం గురించి వివరంగా రాయాలా?

అరపేజీ దాటకూడదు. ఎవరు, ఏ పిలుపు మీద, ఏ తేదీల్లో, ఎక్కడికి వెళ్లారు, ఎంత అడుగుతున్నారు, ఏ ఖాతాకు పంపాలి, ఏమేం జతపరిచారు అన్నవి ఉంటే చాలు. కార్యక్రమం ఎంత బాగా జరిగిందో, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు ఎలా చెప్పుకోవాలో వేరే లేఖలో రాయండి. ఈ లేఖ చదివే మనిషి చేతిలో అలాంటివి ముప్పై ఉంటాయి, ఆయన కన్ను మొత్తం కోసం, ఖాతా సంఖ్య కోసం వెతుకుతూ ఉంటుంది. పనికొచ్చే నమూనా ఇది:

> గౌరవనీయులైన ప్రిన్సిపల్ గారికి,
>
> విషయం: శిక్షణ తరగతుల ప్రయాణ ఖర్చులు రూ. 2,668 చెల్లింపు గురించి.
>
> సూచిక: మీ ఆహ్వాన లేఖ సంఖ్య …, తేదీ …
>
> అయ్యా,
>
> పై లేఖ ప్రకారం ఈ నెల 12, 13 తేదీల్లో మీ కళాశాలలో శిక్షణ ఇచ్చాను. ఇందుకోసం రాజమండ్రి నుంచి వచ్చి వెళ్లడానికి రూ. 2,668 (రెండు వేల ఆరు వందల అరవై ఎనిమిది రూపాయలు) ఖర్చయింది. వివరాల పట్టిక, బిల్లులు జతపరిచాను. ఈ మొత్తాన్ని కింది ఖాతాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాను.
>
> ఖాతాదారు పేరు, ఖాతా సంఖ్య, బ్యాంకు, శాఖ, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్: …
>
> ఈ ఖర్చులను మరే సంస్థ నుంచీ పొందలేదు, కోరలేదు.
>
> జతపరచినవి: పట్టిక 1, బిల్లులు 5, స్వీయ ధ్రువీకరణ 1, ఆహ్వాన లేఖ నకలు 1, రద్దు చేసిన చెక్కు 1. మొత్తం 9 కాగితాలు.
>
> భవదీయురాలు,
> సంతకం, పేరు, హోదా, ఫోన్, తేదీ

మొత్తాన్ని విషయం పంక్తిలోనే రాయడం చాలామందికి మొరటుగా అనిపిస్తుంది, కానీ దొంతరలో మీ కాగితం వెతికేవారికి అదే గుర్తు. చివర కాగితాల లెక్క వేయడం కూడా అలాంటిదే: బల్ల నుంచి బల్లకు వెళ్లే దారిలో ఒక బిల్లు జారిపోతే, అది మీరు పంపారన్న మాట లేఖలోనే ఉంటుంది.

ఖాతా వివరాల్లో ఎక్కువగా జరిగే తప్పేమిటి?

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, వాటిలో ఐదోది ఎప్పుడూ సున్నా. చేత్తో రాసినప్పుడు అది ఇంగ్లీషు ‘ఓ’ అక్షరంలా ఉంటే టైపు చేసేవారు అలాగే కొడతారు, చెల్లింపు వెనక్కి వస్తుంది. రద్దు చేసిన చెక్కు గానీ, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ గానీ పెడితే ఈ బాధ ఉండదు. ఖాతా మీ పేరు మీదే ఉండాలి. భర్త ఖాతాకో, కొడుకు ఖాతాకో పంపమంటే కార్యాలయాలు ఒప్పుకోవు.

గౌరవ వేతనం కూడా ఇదే లేఖలో అడగవచ్చా?

వద్దు. గౌరవ వేతనం మీ ఆదాయం, ప్రయాణ ఖర్చు మీరు ముందు పెట్టిన డబ్బు. రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా బిల్లు వేస్తే, లెక్కల విభాగం మొత్తం మీద టీడీఎస్ కోయడానికి అవకాశం ఉంటుంది. అప్పుడు రైలు ఛార్జీ మీద కూడా పన్ను పోయినట్టవుతుంది, దాన్ని రిటర్నులో సరిచేసుకోవడం మీ తలనొప్పి. రెండు వేర్వేరు లేఖలు, రెండు వేర్వేరు బిల్లులు పెట్టండి. పాన్ నంబరు గౌరవ వేతనం బిల్లుకు తప్పనిసరిగా అడుగుతారు.

## పంపిన తర్వాత

ఎన్ని రోజుల్లోపు పంపాలి?

ప్రయాణం ముగిసిన వారంలోపు పంపడం అలవాటు చేసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల టూర్ బిల్లులకు 2018 నుంచి 60 రోజుల గడువు ఉంది, అంతకుముందు అది ఏడాది ఉండేది. ప్రైవేటు సంస్థలు, విశ్వవిద్యాలయాలు వేటి గడువు అవి పెట్టుకుంటాయి. కార్యక్రమం ఫిబ్రవరిలోనో, మార్చిలోనో జరిగితే మాత్రం గడువు ఎంత ఉన్నా మార్చి 31 లోపే బిల్లు చేరేలా చూడండి. ఆ కార్యక్రమానికి కేటాయించిన నిధి ఆర్థిక సంవత్సరంతో ముగిసిపోతే, ఏప్రిల్‌లో వచ్చిన న్యాయమైన బిల్లుకు కూడా చెల్లించే పద్దు ఉండదు.

స్కాన్ చేసి మెయిల్‌లో పంపితే చాలదా?

రైలు టికెట్టు, యాప్ రసీదుల వంటివి పుట్టుకతోనే డిజిటల్ కనుక వాటికి అచ్చు చాలు. కౌంటరులో ఇచ్చిన హోటలు బిల్లు, సంతకం చేసిన ధ్రువీకరణల అసళ్లను మాత్రం ఆడిట్ కోసం చాలా చోట్ల అడుగుతారు. మెయిల్‌లో స్కాన్ పంపి, అదే రోజు స్పీడ్ పోస్టులో అసళ్లు పంపండి. పంపే ముందు మొత్తం దొంతరను ఫోన్‌లో ఒకే పీడీఎఫ్‌గా చేసి మీ దగ్గర ఉంచుకోండి.

ముందుగా రెండు వేలు అడ్వాన్సు తీసుకున్నాను. ఇప్పుడు ఎంత అడగాలి?

పట్టికలో పూర్తి ఖర్చు రాసి, కింద అడ్వాన్సును తీసివేసి, మిగిలినదే అడగాలి. ఖర్చు 2,668 అయితే ‘తీసుకున్న అడ్వాన్సు 2,000; రావలసినది 668’ అని ఉండాలి. ఖర్చు 1,700 మాత్రమే అయితే 300 రూపాయలు వెనక్కి కట్టి ఆ రసీదు జత చేయాలి. అడ్వాన్సు సంగతి రాయకుండా పూర్తి మొత్తం అడిగితే, మరిచిపోయారని అనుకునేవారు తక్కువ.

రెవెన్యూ స్టాంపు అంటించాలా?

రూ. 5,000 దాటిన మొత్తం ముట్టినట్టు ఇచ్చే రసీదుకు ఒక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం కొంత స్టాంపు మీద, కొంత కాగితం మీద పడేలా చేయాలి. అంతకు లోపు మొత్తానికి అక్కర్లేదు.

నేను అడిగినదానికంటే తక్కువ జమ అయింది. ఎవరిని అడగాలి?

పిలిచిన అధ్యాపకుడిని కాదు, లెక్కల విభాగాన్ని అడగండి, అదీ కోపంగా కాకుండా వరుస సంఖ్యతో. ‘రూ. 2,668 కోరగా 2,488 జమ అయింది. తేడా రూ. 180. పట్టికలో 4వ వరుసను తగ్గించినట్టున్నారు. బయట తిన్న భోజనం ఖర్చు ఇస్తామని మీ మెయిల్‌లో ఉంది, ప్రతి జతపరిచాను’ అని రాస్తే, చూసేవారికి ఐదు నిమిషాల పని. ‘నా బిల్లులో ఎందుకు కోత పెట్టారు’ అని రాస్తే ఫైలంతా తిరగేయాలి కనుక అది పక్కకు పోతుంది. తేడా అంకె పట్టికలోని ఏదో ఒక వరుసకు సరిగ్గా సరిపోతే అది నిబంధన ప్రకారం కోసినది. దేనికీ సరిపోకపోతే కూడికలో పొరపాటో, టీడీఎస్సో అయి ఉంటుంది.

నెల దాటినా డబ్బు రాలేదు. ఎలా గుర్తు చేయాలి?

పాత మెయిల్‌కే జవాబుగా, పీడీఎఫ్‌ను మళ్లీ జత చేసి, బిల్లు ఏ తేదీన చేరిందో, ఎంతో, ఇంకా ఏవైనా కాగితాలు కావాలా అని రెండు వాక్యాల్లో అడగండి. స్పీడ్ పోస్టు ట్రాకింగ్‌లో అందినట్టున్న తేదీని కూడా రాయండి. సగం సందర్భాల్లో బిల్లు ఆగింది అభ్యంతరం వల్ల కాదు, కార్యక్రమం నిర్వహించిన అధ్యాపకుడు ‘శిక్షణ ఇచ్చినట్టు ధ్రువీకరిస్తున్నాను’ అని చేయాల్సిన సంతకం చేయకపోవడం వల్ల. ఆ సంగతి ఆయనకు కూడా తెలియకపోవచ్చు, కాబట్టి గుర్తుచేసే మెయిల్ నకలు ఆయనకూ పంపండి.